సిమెంటు, స్టీలు ఏ బ్రాండ్ తీసుకోవాలి? సరుకు దిగాక ఏం చూడాలి? (జనగామ, జి ప్లస్ 1)

కొత్తగూడు | జూన్ 14, 2025, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. జనగామలో 180 గజాల్లో ఇల్లు కడుతున్నాం. పిల్లర్లు లేచాయి, జూన్ 26న మొదటి స్లాబ్ అనుకుంటున్నాం. సరుకు మా మేస్త్రీకి తెలిసిన కొట్టు నుంచే వస్తోంది. నిన్న 120 బస్తాల సిమెంటు, స్లాబ్‌కి 8, 12, 16 ఎంఎం సలాకలు దిగాయి. సిమెంటు పేరున్న కంపెనీదే. స్టీలు పేరు మాత్రం నేనెప్పుడూ వినలేదు. "అన్నీ ఒకటే సార్, ఐఎస్ఐ ఉంది" అంటాడు మేస్త్రీ. మా బావమరిది పెద్ద కంపెనీది తప్ప వేరేది వద్దంటాడు. కిలోకి ఎనిమిది రూపాయల తేడా ఉంది. ఏ బ్రాండ్ మంచిదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

మేస్త్రీమామ | జూన్ 14, ఉదయం 7:42

తమ్ముడూ, ఇరవై రెండేళ్లుగా ఇళ్లు కడుతున్నా. స్లాబుకి, పిల్లర్లకి 53 గ్రేడ్, గోడలకి, ప్లాస్టరింగుకి పీపీసీ. ఇది గుర్తు పెట్టుకుంటే చాలు. స్టీలుకి ఐఎస్ఐ ముద్ర ఉంటే ఏ కంపెనీదైనా ఒకటే. ఇంకా బలం కావాలంటే 550 గ్రేడ్ తీసుకో, నాలుగు సలాకలు తగ్గించుకోవచ్చు, ఆ డబ్బు మిగులుతుంది.

సగం_ఇల్లు | జూన్ 14, ఉదయం 8:05

అన్నా, మాదీ ఇదే సమస్య. లోన్ రెండో విడత రాలేదు, నాలుగు నెలలుగా పిల్లర్ల మీద ఊచలు ఎండకీ వానకీ తుప్పు పడుతున్నాయి. బ్యాంకువాళ్లు ఫొటోలు అడుగుతారు గానీ డబ్బు వేయరు. ఏ బ్యాంకు తొందరగా ఇస్తుందో ఎవరైనా చెప్తారా?

గోడమీదపిల్లి | జూన్ 14, ఉదయం 8:11

బ్రాండ్ అడిగితే బ్యాంకు దాకా వెళ్లాం. మధ్యాహ్నానికి వాస్తు కూడా వస్తుంది చూడండి.

లెవెల్_గొట్టం | జూన్ 14, ఉదయం 9:30

కొత్తగూడు గారూ, సరుకు దిగిపోయింది కాబట్టి ఏ బ్రాండ్ గొప్పది అన్న చర్చ ఇప్పుడు మీకు పనికిరాదు. మీ వాకిట్లో ఉన్నది ఏమిటో ముందు తెలుసుకుందాం. సాయంత్రం సైటుకి వెళ్లి నేనడిగినవి చూసి ఇక్కడ రాయండి.

సిమెంటు బస్తా మీద ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. దాని పైన ఒక ఐఎస్ నంబరు, కింద CM/L అని మొదలయ్యే లైసెన్సు నంబరు. రెండూ రాసుకోండి. తర్వాత వారం, సంవత్సరం ఎక్కడ వేశారో వెతకండి. అది రంగుల్లో అచ్చు వేసింది కాదు, ఫ్యాక్టరీలో బస్తా నింపేటప్పుడు విడిగా కొట్టిన ముద్ర. ఒక్కోసారి మసగ్గా ఉంటుంది. ఒక్క బస్తా చూసి ఊరుకోవద్దు, వరుసకి రెండు చొప్పున చూడండి.

స్టీలు మోపుకి కట్టిన ట్యాగ్ ఫొటో తీయండి. అలాగే ఒక సలాక మీద ఈ చివర నుంచి రెండు మీటర్ల దాకా వేలితో తడుముతూ వెళ్లండి. కంపెనీ పేరు, సైజు, గ్రేడు లోహంలోనే ఉబ్బెత్తుగా ఉండి, కొంత దూరానికోసారి మళ్లీ మళ్లీ రావాలి. పెయింటుతో రాసింది లెక్కలోకి రాదు.

మేస్త్రీమామ గారూ, 550 విషయంలో మాత్రం అలా చెప్పకండి. డ్రాయింగులో ఇంజనీరు 500డి అని రాసి లెక్క కట్టి ఉంటే, సైటులో గ్రేడు పెంచి సలాకలు తగ్గించడం మన పని కాదు. ఉత్త 550లో సాగే గుణం 500డి కన్నా తక్కువ. ఐఎస్ 1786 ప్రకారం 500డి తెగేలోపు కనీసం 16 శాతం సాగాలి, 550కి 10 శాతం చాలు. భూకంపం లాంటిది వచ్చినప్పుడు తెగకుండా సాగడమే కావాలి.

మేస్త్రీమామ | జూన్ 14, ఉదయం 10:02

సరే సార్, 550 మాట వెనక్కి తీసుకుంటా. 53 గ్రేడ్ మాట మాత్రం తీసుకోను. పీపీసీతో స్లాబ్ వేస్తే సెంట్రింగ్ విప్పేటప్పుడు నా గుండె దడదడలాడుద్ది.

లెవెల్_గొట్టం | జూన్ 14, ఉదయం 10:20

ఆ భయంలో కొంత నిజం ఉంది. పీపీసీ మొదటి వారంలో నిదానంగా గట్టిపడుతుంది, తర్వాత అందుకుంటుంది. కాబట్టి సెంట్రింగ్ తొందరగా విప్పకూడదు, నీళ్లు కనీసం పది రోజులు నిలబెట్టాలి. అది చేస్తే ఇంటి స్లాబ్‌కి పీపీసీ బాగానే సరిపోతుంది. మూడో రోజునే నీళ్లు మానేసేవాళ్లు 53 వేసినా ఒరిగేదేమీ లేదు.

డాలస్_నుంచి | జూన్ 14, ఉదయం 10:51

మా నాన్నగారు తెనాలిలో కట్టిస్తున్నారు, నేను వాట్సాప్‌లో ఫొటోలు చూసి పర్యవేక్షిస్తున్నాను (నవ్వకండి). CM/L నంబరు దొరికితే దానితో ఏం చేయాలి? నిజమైందో కాదో ఇంట్లో కూర్చుని తెలుస్తుందా?

ఇనుపకొట్టు | జూన్ 14, మధ్యాహ్నం 12:15

నాది భీమవరంలో ఐరన్, సిమెంటు వ్యాపారం. చెప్తాను.

ఫోన్‌లో BIS Care యాప్ వేసుకోండి. అందులో Verify License Details అని ఉంటుంది. నంబరు కొడితే లైసెన్సు ఎవరిది, ఫ్యాక్టరీ ఎక్కడుంది, ఏ ఐఎస్ కింద ఇచ్చారు, ఇప్పుడు అమల్లో ఉందా లేదా అన్నీ వస్తాయి. చాలామంది నంబరు కొట్టగానే ఏదో పేరు వచ్చింది కదా అని సంతోషపడతారు. అక్కడ ఆగకూడదు. వేరే ఫ్యాక్టరీ అసలు నంబరును తెచ్చి తన ట్యాగ్ మీద వేసుకున్నా యాప్‌లో పేరు వస్తుంది. యాప్‌లో వచ్చిన పేరు, ఊరు మీ ట్యాగ్ మీద ఉన్న పేరు, ఊరితో కలవాలి. సిమెంటు కంపెనీ లైసెన్సు నంబరు స్టీలు ట్యాగ్ మీద కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు, ఐఎస్ నంబరు చూస్తే దొరికిపోతుంది. సలాకలకి 1786 రావాలి, బూడిద కలిసిన పీపీసీకి 1489, ఓపీసీకి 269.

ఇంకో మాట. స్టీలులో బ్రాండ్ పేరు ఒకరిది, రోలింగ్ మిల్లు ఇంకొకరిది కావడం మామూలే. పేరు అద్దెకి ఇస్తారు. అందుకని యాప్‌లో మిల్లు పేరు, బ్రాండ్ పేరు వేరుగా ఉన్నంత మాత్రాన దొంగ సరుకు అనుకోవద్దు. ట్యాగ్ మీద ఆ మిల్లు పేరు కూడా ఉందో లేదో చూడండి.

గోడమీదపిల్లి | జూన్ 14, మధ్యాహ్నం 12:40

కొట్టు ఓనరే ఇవన్నీ చెప్తున్నాడంటే వర్షాలు బాగా పడతాయి ఈసారి.

ఇనుపకొట్టు | జూన్ 14, మధ్యాహ్నం 12:58

పడనివ్వండి. తక్కువ బరువు సలాకలు అమ్మే పక్క కొట్టువాడి వల్ల నష్టపోయేది నేనే కదా.

కొత్తగూడు | జూన్ 14, రాత్రి 9:20

సైటుకి వెళ్లొచ్చాను. చూసింది చూసినట్టు రాస్తున్నా.

సిమెంటు: పీపీసీ, 1489 ఉంది, నంబరు యాప్‌లో కంపెనీతో, ఫ్యాక్టరీ ఊరితో కలిసింది. కానీ బస్తాలు రెండు రకాలు. ముందు వరుసలో ఉన్నవాటి మీద 23వ వారం 2025. వెనక గోడ వైపు 50 బస్తాల మీద 14వ వారం 2025. 14 అంటే ఏమిటో మొదట అర్థం కాలేదు, తేదీ అనుకున్నా. పైగా ఆ వెనక బస్తాలు చేత్తో నొక్కితే రాయిలా ఉన్నాయి.

స్టీలు: 12, 16 సలాకల మీద పేరు, 500డి అక్షరాలు చక్కగా ఉన్నాయి. ట్యాగులు కూడా ఉన్నాయి, యాప్‌లో కలిశాయి. 8 ఎంఎం దగ్గర మాత్రం ట్యాగ్ లేదు. సలాక మీద గీతలు ఉన్నాయి కానీ పేరు లేదు, ఎంత తడిమినా దొరకలేదు. మేస్త్రీని అడిగితే "8కి రాదు సార్, సన్నది కదా" అన్నాడు. నిజమేనా?

లెవెల్_గొట్టం | జూన్ 14, రాత్రి 9:55

నిజం కాదు. 8 మీద కూడా వస్తుంది. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, అంతే.

ముందు సిమెంటు సంగతి. 14వ వారం అంటే ఈ ఏడాది మార్చి 31 నుంచి ఏప్రిల్ 6 మధ్య నింపిన బస్తాలు. 23వ వారం అంటే జూన్ 2 నుంచి 8. నింపి మూడు నెలలు దాటిన సిమెంటును మళ్లీ పరీక్ష చేయించకుండా వాడకూడదు. మీ 50 బస్తాలకి ఆ గడువు జూలై మొదటి వారంలో వస్తుంది. 26న స్లాబ్ వేసేనాటికి పన్నెండు వారాలు నిండుతాయి. కాగితం మీద గడువులోనే ఉన్నా, ఆ బస్తాలు తొలకరి గాలిలో ఎవరి గోడౌన్లో ఎలా ఉన్నాయో మనకి తెలియదు.

రాయిలా ఉన్నాయన్నారు కదా, అందులో రెండు రకాలు. పైన పది బస్తాల బరువు పడి కింది బస్తా గట్టిపడుతుంది. దాన్ని నేల మీద రెండుసార్లు దొర్లిస్తే మళ్లీ మెత్తబడుతుంది, దానివల్ల నష్టం లేదు. తేమ తగిలి గట్టిపడింది అలా కాదు. దొర్లించినా లోపల గడ్డలు అలాగే ఉంటాయి. ఒక బస్తా విప్పి గడ్డ తీసి వేళ్ల మధ్య నలపండి. పొడైపోతే పర్లేదు. గోలీలా నిలబడితే ఆ బస్తా స్లాబ్‌లోకి వెళ్లకూడదు.

మేస్త్రీమామ | జూన్ 14, రాత్రి 10:10

ఇంత దేనికి, గ్లాసు నీళ్లలో గుప్పెడు సిమెంటు వెయ్యి. తేలితే కల్తీ, మునిగితే మంచిది. మా గురువు నేర్పాడు.

లెవెల్_గొట్టం | జూన్ 14, రాత్రి 10:24

అది మా నాన్న కూడా చేసేవారు. నాకు దాని మీద నమ్మకం లేదు. మంచి సిమెంటు కూడా మెత్తదనం వల్ల కాసేపు తేలుతుంది, పాడైన సిమెంటు కూడా మునుగుతుంది. గడ్డలు చూడండి, వారం ముద్ర చూడండి.

ఇనుపకొట్టు | జూన్ 14, రాత్రి 10:31

బస్తా మూతి కూడా చూడండి. ఇప్పుడు చాలా కంపెనీల బస్తాలకి కుట్టు ఉండదు, మూలలో చిన్న నోరు ఉంటుంది, అక్కడి నుంచే నింపుతారు. అలాంటి బస్తాకి చేత్తో దారం కుట్టు కనిపిస్తే అది ఎక్కడో విప్పి మళ్లీ నింపింది. అనుమానం ఉన్నవి రెండు కాటా మీద పెట్టండి, సిమెంటే 50 కిలోలు ఉండాలి.

లెవెల్_గొట్టం | జూన్ 14, రాత్రి 10:45

ఇప్పుడు 8 ఎంఎం సంగతి. కొత్తగూడు గారూ, మీ ఇంట్లో ఐదు కిలోల వంటింటి కాటా ఉంటే రేపు ఈ పని చేయండి. మూడు వేర్వేరు సలాకల నుంచి కచ్చితంగా ఒక్కో మీటరు ముక్క కోయించండి. చివరి వంకర భాగం కాదు, మధ్యలో తిన్నగా ఉన్నది. కొలతలో ఒక సెంటీమీటరు తప్పితే బరువులో ఒక శాతం తప్పుతుంది, అందుకని కోశాక మళ్లీ టేపు పెట్టండి. అలాగే 12, 16 కూడా ఒక్కో ముక్క తూచండి.

మీటరుకి ఎన్ని కిలోలు రావాలో ఈ లెక్కతో తెలుస్తుంది, d అంటే మిల్లీమీటర్లలో సైజు:

```
d²/162
```

8కి 395 గ్రాములు, 12కి 888, 16కి 1580. అచ్చంగా అంతే రావాలని లేదు. విడి ముక్కకి 8లో ఎనిమిది శాతం, 12, 16లలో ఆరు శాతం వరకు తక్కువ ఉన్నా ఐఎస్ 1786 ఒప్పుకుంటుంది. అంటే 8కి 363 గ్రాముల దాకా తప్పుపట్టలేం. 12కి 835, 16కి 1485.

కొత్తగూడు | జూన్ 15, సాయంత్రం 6:40

మా ఆవిడ కాటా ఇచ్చింది గానీ "తుడిచి ఇవ్వాలి" అని షరతు పెట్టింది.

12 ఎంఎం 861 గ్రాములు. 16 ఎంఎం 1540. ఈ రెండూ మీరు చెప్పిన హద్దులోనే ఉన్నాయి.

8 ఎంఎం మూడు ముక్కలు: 342, 345, 339.

మళ్లీ కొలిచాను, మీటరు సరిగ్గానే ఉంది. సగటు 342 అంటే 13 శాతం పైనే తక్కువ. ఇంతా చేసి బిల్లు చూస్తే, 8 ఎంఎం 60 సలాకలు, ఒక్కోటి 4.74 కిలోల లెక్కన 284 కిలోలు అని వేశాడు. కాటా వేయనే లేదు! 12, 16 మాత్రం కాటా వేసిన చీటీ ఉంది.

ఇనుపకొట్టు | జూన్ 15, సాయంత్రం 7:05

అదీ అసలు కథ. పీసు లెక్క. పన్నెండు మీటర్ల 8 సలాక 4.74 కిలోలు ఉండాలని పుస్తకంలో ఉంటుంది, ఆ బరువుకి బిల్లు వేస్తారు, ఇచ్చేది 4.1 కిలోల సలాక. మీ 60 సలాకల్లో 38 కిలోలు లేవు. మీ రేటు ఎంత?

కొత్తగూడు | జూన్ 15, సాయంత్రం 7:11

కిలో 58.

ఇనుపకొట్టు | జూన్ 15, సాయంత్రం 7:20

అంటే 2,200 రూపాయలు గాలికి కట్టారు. కాటా వేయించి కొంటే ఈ మోసం సగం తగ్గుతుంది. ఖాళీ లారీ ఒకసారి, సరుకుతో ఒకసారి వేబ్రిడ్జ్ మీద తూపించి, చీటీ చేతిలో పట్టుకోండి. 8ని విడిగా తూచమనండి, అన్నీ కలిపితే అందులో దాచేస్తారు.

లెవెల్_గొట్టం | జూన్ 15, సాయంత్రం 7:48

డబ్బు నష్టం ఒకటైతే, ఇంకోటి ఉంది. కాటా వేసి కొన్నా సలాక సన్నగానే ఉంటుంది కదా. డబ్బుకి తగ్గ కిలోలు వస్తాయి, కానీ డ్రాయింగులో 150 మిల్లీమీటర్లకి ఒక 8 సలాక అని రాస్తే ఇంజనీరు అనుకున్న లోహం అక్కడ పడదు. 13 శాతం తక్కువ లోహం అంటే ఆ 150 దూరాన్ని సుమారు 130కి తేవాలి. అదీ లోటు బరువులో మాత్రమే ఉందనుకుంటే. పేరు లేని సలాక ఏ స్టీలుతో చేశారో ఎవరికి తెలుసు? పాత పట్టాలు, ప్లేట్లు తెచ్చి మళ్లీ సాగదీసిన సరుకుని 1786 ఒప్పుకోదు. ఏ పోతలోంచి వచ్చిందో నంబరు ఉండాలి, అది ట్యాగ్ మీదా, మిల్లు ఇచ్చే టెస్టు సర్టిఫికెట్లోనూ ఒకటే అయి ఉండాలి. మీకు ట్యాగే లేదు కాబట్టి ఎవరి సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చిచ్చినా దానికి అర్థం లేదు.

60 సలాకలూ వెనక్కి పంపండి. ఒక ప్రశ్న: పిల్లర్ల రింగులు ఏ సలాకతో చేశారు?

కొత్తగూడు | జూన్ 15, రాత్రి 8:30

అదే భయపడుతున్నా. మే నెలలో అదే కొట్టు నుంచి వచ్చిన 8 ఎంఎంతోనే. రింగులన్నీ కట్టి కాంక్రీటు కూడా పోశారు. మూల పిల్లర్ ఒకదానికి పైన బయటికి ఉన్న రింగులు నాలుగు కనిపిస్తున్నాయి.

మేస్త్రీమామ | జూన్ 15, రాత్రి 8:52

భయపడకు. రింగు బరువు మొయ్యదు, సలాకల్ని పట్టుకోడానికే. జి ప్లస్ 1కి ఏం కాదు.

లెవెల్_గొట్టం | జూన్ 15, రాత్రి 9:15

అలా కొట్టిపారేయలేం. నిలువు సలాకలు బరువుకి పక్కకి వంగకుండా ఆపేది, కాంక్రీటుని లోపల బిగించేది ఆ రింగులే. అలాగని ఇల్లు కూలుతుందని నేను అనను. మీ ఇంజనీరు ఎంత మిగులు పెట్టి లెక్క కట్టారో నాకు తెలియదు.

బయటికి ఉన్న నాలుగు రింగుల్లో ఒకటి విప్పి తెండి. వంపు తిరిగిన మూలల్లో బయటి వైపు భూతద్దం పెట్టి చూడండి. సన్నటి అడ్డ పగుళ్లు ఉంటే స్టీలు పెళుసుది. దాని నుంచి తిన్నని ముక్క కోసి తూచండి కూడా. మిగిలిన 60లోంచి రెండు ముక్కలు దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకి ఇస్తే లాగి, వంచి రిపోర్టు ఇస్తారు. సరుకు వెనక్కి పంపేలోపే ఆ ముక్కలు తీసి పెట్టుకోండి.

డాలస్_నుంచి | జూన్ 16, ఉదయం 6:25

ఇది చదివి నాన్నగారితో రాత్రే 8 ఎంఎం తూపించాను. మీటరుకి 388 గ్రాములు. సలాక మీద పేరు ఉంది. ఆయన "నీకు అక్కడ పని లేదా" అన్నారు. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది: పెద్ద ప్లాంటు స్టీలుకి కిలోకి ఎనిమిది రూపాయలు ఎక్కువ పెట్టడం అవసరమా?

ఇనుపకొట్టు | జూన్ 16, ఉదయం 9:40

నేను రెండూ అమ్ముతా. వైజాగ్ స్టీలు, టాటా, సెయిల్, జేఎస్‌డబ్ల్యూ లాంటివి ఇనుప ఖనిజం నుంచి మొదలుపెట్టి ప్లాంటులోనే చేస్తాయి, అందుకని మోపు మోపుకీ తేడా తక్కువ. చిన్న మిల్లుల్లో మంచివీ ఉన్నాయి, కానీ ప్రతి లోడూ చూసుకోవాలి. చూసుకునే ఓపిక లేనివాళ్లు ఎనిమిది రూపాయలు పెట్టండి.

లెవెల్_గొట్టం | జూన్ 16, ఉదయం 10:05

పెద్ద బ్రాండ్ పేరుతో కూడా దొంగ సలాకలు వస్తాయి, అవే ఎక్కువ అమ్ముడుపోతాయి కాబట్టి. పేరు చూసి తూచడం మానేయొద్దు. ఎనిమిది రూపాయల దగ్గర మాత్రం నేను మీతో ఒప్పుకోను. ట్యాగు, ముద్ర, బరువు, ల్యాబు అన్నీ సరిగ్గా ఉన్న చిన్న మిల్లు 500డిని నా సొంత ఇంటికే వాడాను.

కొత్తగూడు | జూన్ 19, రాత్రి 9:50

అప్‌డేట్. కొట్టు ఓనరు మొదట "మాది అలాంటి సరుకు కాదు" అన్నాడు. మూడు ముక్కలు, కాటా బల్ల మీద పెట్టాక మాట్లాడలేదు. 60 సలాకలూ తీసుకెళ్లాడు, వేరే మిల్లువి ట్యాగుతో పంపాడు. కొత్తవి 381 గ్రాములు వచ్చాయి, ఈసారి కాటా చీటీ కూడా ఇచ్చాడు. మేస్త్రీ రెండు రోజులుగా నాతో ముభావంగా ఉన్నాడు.

సిమెంటు 50 బస్తాల్లో 44 దొర్లిస్తే మెత్తబడ్డాయి, వాటిని గోడలకి వాడేస్తున్నాం. 6 బస్తాల్లో గోలీలు తగిలాయి, అవి మార్చాడు. స్లాబ్‌కి 23వ వారంవే, తక్కువ పడితే అదే వారం తర్వాతవి తెప్పిస్తా.

పిల్లర్ రింగు తూచాను. మీటరు ముక్క రాలేదు, అర మీటరుకి 172 గ్రాములు. అంటే అదే సన్న సలాక. మూలల్లో పగుళ్లు నాకైతే కనిపించలేదు. ల్యాబు రిపోర్టు సోమవారం వస్తుందన్నారు. ఇంజనీరు సార్ అది చూశాకే మాట్లాడతానన్నారు, అప్పటిదాకా స్లాబ్ తేదీ ఖాయం చేయొద్దన్నారు.

లెవెల్_గొట్టం | జూన్ 19, రాత్రి 10:12

ఆయన చెప్పింది సరైన మాట. రిపోర్టులో సాగుదల శాతం ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.

సగం_ఇల్లు | జూన్ 19, రాత్రి 10:30

మా పిల్లర్ల ఊచలు కూడా తూచొచ్చా, తుప్పు పట్టినవి?

లెవెల్_గొట్టం | జూన్ 19, రాత్రి 10:41

వైరు బ్రష్షుతో గీకండి. గోధుమ రంగు పొడి మాత్రమే రాలితే ఫర్వాలేదు. పొరలు పొరలుగా ఊడితే శుభ్రం చేశాక కనపడే చోట ఒక ముక్క కోసి తూచండి, ఇదే లెక్క. కోసిన చోట జోడించే పద్ధతి ముందుగా మీ ఇంజనీరుని అడిగి కోయండి.